35 గంటల పాఠం ఎవరి దగ్గర వినాలి?

ప్రశ్న: మాది కావలి. సివిల్‌లో బీటెక్ చేసి ఆరేళ్లుగా కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక కాంట్రాక్టు సంస్థలో ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ప్రాజెక్టు నిర్వహణలో ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలని ఉంది. దానికి ముందు 35 గంటల తరగతులు తప్పనిసరి అంటున్నారు. చెన్నైలోని ఒక శిక్షణ సంస్థ వాళ్లు తాము ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐకి అధీకృత భాగస్వాములమనీ, అలాంటి చోట చేరకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారనీ చెబుతున్నారు. 36 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే కోర్సులు కనిపిస్తున్నాయి. పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, సొంతంగా చదువుకోగలను. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: వాళ్లు మీకు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగాన్ని అమ్ముతున్నారు. తరగతులు తప్పనిసరి అన్నది నిజం. అవి అధీకృత భాగస్వామి దగ్గరే వినాలి అన్నది నిజం కాదు. మీరు పెట్టబోయే ఖర్చంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు అక్కడే కాసేపు ఆగుదాం.

పీఎంపీ దరఖాస్తుకు పీఎంఐ అడిగేది 35 గంటల ప్రాజెక్టు నిర్వహణ శిక్షణ. తరగతిలో గడిపిన ఒక గంట ఒక గంటగా లెక్క. ఆ శిక్షణ ఎవరి దగ్గర పొందవచ్చో పీఎంఐ తన హ్యాండ్‌బుక్‌లోనే వరసగా రాసింది. అధీకృత శిక్షణ భాగస్వాములు అందులో ఒక వర్గం మాత్రమే. చాప్టర్లు అనే పీఎంఐ స్థానిక శాఖలు నడిపే తరగతులు, మీ కంపెనీ తన ఉద్యోగులకు ఇప్పించే శిక్షణ, మామూలు శిక్షణ సంస్థలు, కన్సల్టెంట్లు, దూరవిద్య కోర్సులు, విశ్వవిద్యాలయాలు, కళాశాలలు అన్నీ ఆ వరసలో ఉన్నాయి. దూరవిద్యకు మాత్రం ఒక షరతు పెట్టారు. కోర్సు చివర ఒక పరీక్ష ఉండాలి. వీడియోలు చూసి ఊరుకుంటే చాలదు.

ఏది చెల్లదో కూడా అక్కడే ఉంది. సొంతంగా చదువుకున్న గంటలు చెల్లవు. పుస్తకం ముందు మీరు 300 గంటలు కూర్చున్నా, ఈ 35 గంటల లెక్కలో అది సున్నా. చాప్టరు సమావేశాలకు ఊరికే హాజరైనా అంతే. కాబట్టి మీ దగ్గరున్న పుస్తకాలు పరీక్షలో నెగ్గడానికి పనికొస్తాయి కానీ పరీక్ష గదిలోకి వెళ్లడానికి పనికిరావు. చాలామంది ఈ రెండు పనులనూ కలిపేసి ఆలోచిస్తారు. 35 గంటల ధ్రువపత్రం గుమ్మం దాటడానికి. సొంత చదువు లోపల నిలబడడానికి. ఒకదాని బదులు ఇంకొకటి రాదు. మీరు వేసుకోవలసిన ప్రశ్న ‘తరగతా, సొంత చదువా’ అన్నది కాదు. గుమ్మం దాటడానికి ఎంత ఖర్చు పెట్టాలి, ఆ తర్వాత మిగిలిన డబ్బూ సమయమూ దేనిమీద పెట్టాలి అన్నది.

అన్ని సర్టిఫికెట్లకూ నిబంధన ఇలాగే ఉంటుందనుకోకండి. చిన్న విడతలుగా పనిచేసే స్క్రమ్ అనే పద్ధతి మీద స్క్రమ్ అలయన్స్ ఇచ్చే సీఎస్ఎం సర్టిఫికెట్ తీసుకోవాలంటే వాళ్లు గుర్తించిన శిక్షకుడి తరగతిలో కూర్చోవలసిందే, వేరే దారి లేదు. అక్కడ అధీకృత శిక్షణకు డబ్బు కట్టకుండా మిగుల్చుకోవాలని చూస్తే ఉన్న డబ్బూ పోతుంది. అదే విషయం మీద స్క్రమ్ డాట్ ఆర్గ్ వారి పీఎస్ఎం పరీక్షకు అసలు తరగతి అక్కర్లేదు, నేరుగా రాయవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కూడా. సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ వారి వీసీపీ సర్టిఫికెట్‌కు ఏళ్ల తరబడి అధికారిక కోర్సు తప్పనిసరిగా ఉండేది, సంస్థ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లిన తర్వాత ఆ షరతు తీసేశారు. అందుకే కోర్సు అమ్మేవాళ్లు చెప్పింది విని డబ్బు కట్టవద్దు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ప్రస్తుత హ్యాండ్‌బుక్‌ను `pmi.org` నుంచి దించుకుని, అర్హతల పేజీ ఒక్కటైనా మీ కళ్లతో చదవండి. ‘అధీకృత భాగస్వామి దగ్గరే’ అని ఉందా, ‘ఈ కింది వారిలో ఎవరి దగ్గరైనా’ అని ఉందా? ఆ ఒక్క వాక్యం విలువ మీ విషయంలో, జీఎస్టీ 18 శాతం కలుపుకుంటే, 42,480 రూపాయలు.

ఇక మీ లెక్క చూద్దాం. మీరు బీటెక్ సివిల్ అన్నారు. మన కళాశాలల్లో మూడో సంవత్సరంలోనో నాలుగో సంవత్సరంలోనో నిర్మాణ సాంకేతికత, ప్రాజెక్టు నిర్వహణ కలిసిన సబ్జెక్టు ఒకటి ఉంటుంది. విశ్వవిద్యాలయంలో చదివిన సబ్జెక్టు గంటలను కూడా పీఎంఐ ఒప్పుకుంటుంది. ఆ గంటలకు కాలదోషం లేదు, ఎన్నేళ్ల కిందట చదివినా చెల్లుతాయి. అయితే సబ్జెక్టులో ప్రాజెక్టు నిర్వహణకు సంబంధించిన భాగం వరకే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు వారానికి నాలుగు పీరియడ్లు, పీరియడ్ 50 నిమిషాలు, సెమిస్టరులో 15 వారాలు తరగతులు జరిగాయనుకుందాం. మొత్తం 60 పీరియడ్లు, అంటే 50 గంటలు. అయిదు యూనిట్లలో మూడు యూనిట్లు బార్ చార్టు, సీపీఎం, పెర్ట్, వ్యయ నియంత్రణ, కాంట్రాక్టుల గురించి. మిగతా రెండూ మట్టిపని యంత్రాలు, కాంక్రీటు పరికరాల గురించి. యంత్రాల పాఠం ప్రాజెక్టు నిర్వహణ కిందికి రాదు. 50 గంటల్లో అయిదింట మూడు వంతులు, 30 గంటలు మిగిలాయి. అయిదు గంటలు తక్కువ. వేరే చిన్న కోర్సు ఏదైనా చేసి ఆ అయిదు గంటలు కలిపితే 35 నిండుతాయి. శిక్షణ వివరాలను దరఖాస్తులో ఒకటి కంటే ఎక్కువ వరసల్లో రాయవచ్చు.

ఈ దారి ఉందని మీకు తెలియాలని చెప్పాను కానీ, మిమ్మల్ని ఆ దారిన వెళ్లమనడం లేదు. దానికి రెండు కారణాలు. రేపు ఆడిట్ వస్తే, అంటే దరఖాస్తులో రాసినవాటికి పీఎంఐ ఆధారాలు అడిగితే, మీరు మార్కుల జాబితాతో పాటు ఆ ఏటి సిలబస్ ప్రతిని కూడా కళాశాల నుంచి తెచ్చుకోవాలి, ఏ యూనిట్‌కు ఎన్ని గంటలో నిలబడి చెప్పగలగాలి. రెండో కారణం ఇంకా పెద్దది. కళాశాలలో మీరు చదివిన ప్రాజెక్టు నిర్వహణకూ ఇప్పుడు పీఎంపీలో అడిగేదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఎలాగూ ఒక కోర్సు వినాలి. వినేది ఏదో ఆ 35 గంటలూ ఒకే చోట, ఒకే కాగితం మీద ఉండేలా వినడం మేలు.

ఆ దూరం ఎలాంటిదో ఒక ప్రశ్నతో చూపిస్తాను. ఇది నేను రాసిన ప్రశ్న, కానీ పరీక్షలో వచ్చే ధోరణి ఇదే. రెండు వారాల విడతలుగా పనిచేస్తున్న ఒక బృందానికి మీరు ప్రాజెక్టు మేనేజరు. విడత సగంలో ఉండగా ఖాతాదారుడు నేరుగా బృందంలోని ఒకరికి ఫోను చేసి, ఒక కొత్త పనిని ఇదే విడతలో చేర్చమన్నాడు. ఆ వ్యక్తి వచ్చి మీకు చెప్పాడు. మీరు మొదట ఏం చేస్తారు? పని చేర్చమని చెప్పడం ఒకటి. మార్పు అభ్యర్థన రాయించి మార్పుల నియంత్రణ బోర్డుకు పంపడం రెండు. ఖాతాదారుడు ప్రొడక్ట్ ఓనరుతో మాట్లాడి ఆ పనిని బ్యాక్‌లాగ్ అనే చేయవలసిన పనుల జాబితాలో ప్రాధాన్యం ప్రకారం పెట్టించుకునేలా చూడడం మూడు. పై అధికారికి ఫిర్యాదు చేయడం నాలుగు.

సైటులో పనిచేసినవాళ్లు దాదాపు అందరూ రెండోది ఎంచుకుంటారు. క్లయింటు నోటిమాటగా ఏదైనా చెబితే, రాతపూర్వకంగా వేరియేషన్ ఆర్డరు వచ్చేదాకా ఇటుక కూడా కదపకూడదన్నది మనకు ఒంటబట్టిన పాఠం. బెర్తు నిర్మాణంలో అది సరైన పాఠమే. కానీ ప్రశ్నలో ‘రెండు వారాల విడతలు’ అన్న మాట ఉంది. అంటే అది పనిని చిన్న విడతలుగా చేస్తూ మార్పులను కలుపుకుంటూ పోయే అజైల్ పద్ధతి. అక్కడ ఏ పని ముందు, ఏది వెనక అన్న నిర్ణయం ప్రొడక్ట్ ఓనరుది. జవాబు మూడోది. పీఎంపీ ప్రశ్నల్లో కనీసం సగం ఇలాంటి అజైల్ పనుల మీదో, రెండు పద్ధతులూ కలిసిన పనుల మీదో ఉంటాయి. ప్లానింగ్ ఇంజనీరుగా మీరు కాలపట్టిక, క్రిటికల్ పాత్, ఆర్జిత విలువ లెక్కలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పరీక్షలో అవి చిన్న భాగం. మీకు నిజంగా నేర్పు కావలసింది ఈ రెండో సగంలో, మనుషులతో వ్యవహరించే ప్రశ్నల్లో. ఏ కోర్సు ఎంచుకున్నా, అందులో అజైల్‌కు ఎన్ని గంటలు ఇచ్చారో ముందు చూడండి. మూడు నాలుగు గంటల్లో ముగించేస్తే అది మీకు తగిన కోర్సు కాదు. తక్కువ ధర అయినా సరే.

అధీకృత భాగస్వామి దగ్గర చేరితే నిజంగా ఏమి వస్తుందో కూడా న్యాయంగా చెప్పాలి. పీఎంఐ ఈ అధీకృత భాగస్వాముల ఏర్పాటును 2020లో తెచ్చింది. అంతకు ముందు ఉన్న రిజిస్టర్డ్ ఎడ్యుకేషన్ ప్రొవైడర్, అంటే ఆర్ఈపీ, ఏర్పాటు స్థానంలో ఇది వచ్చింది. అధీకృత సంస్థ పీఎంఐ తయారుచేసిన పాఠ్యసామగ్రితోనే పీఎంపీ తరగతి చెప్పాలి, చెప్పే శిక్షకుడు కూడా పీఎంఐ దగ్గర శిక్షణ పొంది ఉండాలి. పరీక్ష పెట్టేవాళ్లే రాసిన పాఠం కాబట్టి పరీక్ష ప్రణాళికకు దగ్గరగా ఉంటుంది. ఆడిట్ వచ్చినా ఆ 35 గంటల గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. ఎదురుగా మనిషి ఉంటాడు, సందేహం అడగవచ్చు. ఇవి వట్టి మాటలు కావు, విలువైనవే. మీ కంపెనీ ఫీజు భరిస్తానంటే, లేదా ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదవడం మీ వల్ల కాదని మీకు తెలిసి ఉంటే, అక్కడే చేరండి. అయితే ఆ 36 వేలలో పరీక్ష ఫీజు కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల కలిసి ఉండదు, ఆ సంగతి చేరాక తెలుస్తుంది.

వాళ్లు నిజంగా అధీకృతులేనా అన్నది తేల్చుకోవడం సులువు. పీఎంఐ వెబ్‌సైటులో అధీకృత భాగస్వాముల జాబితా ఉంది. సంస్థ పేరు అందులో వెతకండి. మీకు ఇచ్చే రసీదు మీద ఉన్న పేరూ జాబితాలోని పేరూ ఒకటేనా అన్నది చూడండి. కొన్ని చోట్ల ఒక సంస్థ అధీకృతమై ఉంటుంది, తరగతి నడిపేది ఇంకొకటి అవుతుంది. బ్రోచరు మీద ఇప్పటికీ పాత ఆర్ఈపీ ముద్ర కనిపిస్తే ఆ ఏర్పాటు ఎప్పుడో రద్దయింది, ఆ ముద్రకు విలువ లేదు. ‘దరఖాస్తు తిరస్కరిస్తారు’ అని మిమ్మల్ని భయపెట్టినవాళ్ల గురించి నా అభిప్రాయం వేరుగా చెప్పనక్కర్లేదు. సరుకు మంచిదైనా అబద్ధం చెప్పి అమ్మేవాళ్ల దగ్గర నేనైతే కొనను.

చవక కోర్సుల్లో వచ్చే చిక్కు వేరు. అది పాఠంలో కంటే కాగితంలో ఎక్కువ. దీని గురించి నా అనుభవం చెబుతాను.

నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తూ 2016లో పీఎంపీకి సిద్ధమయ్యాను. ఒక శిక్షణ సంస్థలో వారాంతపు తరగతులకు వెళ్లాను. గోడ మీద పెద్ద ముద్ర ఉంది, పాఠం బాగానే చెప్పారు. చివరి రోజు దళసరి కాగితం మీద బంగారు అంచుతో ధ్రువపత్రం ఇచ్చారు. దాని మీద నా పేరు, ‘కార్యశాల విజయవంతంగా పూర్తిచేశారు’ అన్న వాక్యం, ఒక సంతకం ఉన్నాయి. ఎన్ని గంటలో లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో లేదు. నేనూ చూసుకోలేదు. దరఖాస్తు పెట్టి ఫీజు కట్టిన వెంటనే ఆడిట్‌కు ఎంపికయ్యానని సమాచారం వచ్చింది. ఆడిట్‌కు ఎవరిని పిలుస్తారన్నది యాదృచ్ఛికం, మన తప్పు ఏమీ ఉండక్కర్లేదు. 90 రోజుల గడువు. అప్పట్లో అన్నీ కాగితాల మీదే పంపాలి. పై అధికారి ఫారం మీద సంతకం చేసి, కవరులో పెట్టి, కవరు అతికించిన చోట మళ్లీ అడ్డంగా సంతకం పెట్టాలి. ఆ కవర్లన్నీ కలిపి అమెరికాకు కొరియరు చేయాలి. అధికారుల సంతకాలు రెండు వారాల్లో వచ్చేశాయి. ఆగిపోయింది ఈ ధ్రువపత్రం దగ్గరే. సంస్థకు ఫోను చేస్తే మోగుతూ ఉండేది. వెళ్లి చూస్తే ఆఫీసు ఖాళీ చేశారు, కింద దుకాణం ఆయనకు కూడా కొత్త చిరునామా తెలియదు. మాకు పాఠం చెప్పిన ఆయనను తోటి విద్యార్థి ద్వారా పట్టుకుని, ఆయన ద్వారా యజమానిని పట్టుకుని, తేదీలూ గంటలూ అంశాలూ రాసిన ఉత్తరం సంస్థ లెటర్‌హెడ్ మీద తెచ్చుకునేసరికి 70 రోజులు దాటాయి. ఆ రెండు నెలలూ ఒక్క పేజీ చదవలేకపోయాను.

ఇప్పుడు ఆడిట్ చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, కవర్ల బెడద లేదు. 90 రోజుల గడువు మాత్రం అలాగే ఉంది. ఆడిట్ పూర్తిచేయలేకపోతే ఏడాది పాటు మళ్లీ దరఖాస్తు పెట్టే వీలుండదు. అందుకే కోర్సు కొనే ముందే, అది మూడు వేలదైనా ముప్పై వేలదైనా, ధ్రువపత్రం నమూనా పంపమని అడగండి. నమూనాలో సంస్థ పేరు, కోర్సు పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మొత్తం గంటలు కనిపించాలి. గంటలు 35కు తగ్గకూడదు. ‘35 పీడీయూలు’ అని మాత్రమే రాసి ఉంటే గంటల్లో రాసివ్వమనండి. పీడీయూలు సర్టిఫికెట్ వచ్చిన తర్వాత దాన్ని నిలబెట్టుకోవడానికి మూడేళ్లలో 60 సంపాదించుకోవలసినవి, పరీక్షకు ముందు కావలసినవి శిక్షణ గంటలు. రికార్డు చేసిన వీడియోల కోర్సు అయితే చివరి పరీక్ష ఉందా, ధ్రువపత్రం ఆ పరీక్ష నెగ్గాకే వస్తుందా అని అడగండి. పరీక్ష లేకుండా వీడియో చివరిదాకా జరిపితే చాలు, కాగితం దిగుతుందంటే ఆ కోర్సు వద్దు. ధ్రువపత్రం రాగానే సిలబస్ పేజీని, రసీదును, చివరి పరీక్ష ఫలితాన్ని కూడా దించుకుని ఒక చోట దాచండి. ఏడాది తర్వాత ఆ పేజీ అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు.

మధ్యస్థమైన దారి ఒకటి ఉంది, దాన్ని చాలామంది గుర్తుంచుకోరు. పీఎంఐకి చెన్నైలో ఒక చాప్టరు ఉంది, హైదరాబాద్‌లో పెర్ల్ సిటీ చాప్టరు ఉంది. చాప్టర్లు నడిపే శిక్షణ కూడా చెల్లుతుందని పైన చెప్పాను. పీఎంపీ తరగతులు ఎప్పుడు మొదలవుతాయో రెండు చాప్టర్లనూ అడిగి చూడండి. పాఠం చెప్పేవాళ్లు సాధారణంగా పని చేస్తూ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లే అయి ఉంటారు. నిర్మాణ రంగం వాళ్లు కూడా తగులుతారు. మీకు అలాంటి పరిచయం చాలా అవసరం.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను. చాప్టరు తరగతి దొరికితే అది, లేకపోతే చివరి పరీక్షతో, పూర్తి వివరాల ధ్రువపత్రంతో ఉన్న ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటాను. 35 గంటలను రోజుకు గంటన్నర చొప్పున ఒక నెలలో నిజంగా వింటాను. కావలి నుంచి పోర్టుకు రోజూ వెళ్లి వచ్చేవాళ్లకు అంతకంటే ఎక్కువ కుదరదు. కుదురుతుందని రాసుకుంటే మూడో రోజే తప్పుతుంది. మిగిలిన డబ్బులో కొంత పీఎంఐ సభ్యత్వానికి పెడతాను. సభ్యులకు పరీక్ష ఫీజు తక్కువ, ప్రాజెక్టు నిర్వహణ మీద పీఎంఐ వేసే పీఎంబాక్ గైడ్ కూడా ఉచితంగా దించుకోవచ్చు. ఇంకొంత పీఎంఐ వారి స్టడీ హాల్ అనే అభ్యాస ప్రశ్నల చందాకు పెడతాను. అధీకృత భాగస్వామి దగ్గర దొరికే అసలు విలువ, ప్రశ్న ఎలా అడుగుతారన్న అలవాటు, నాకు ఆ ప్రశ్నల్లో దొరుకుతుంది.

సొంత చదువు అంటే పీఎంబాక్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం అనుకోకండి. మన దగ్గర సివిల్ వాళ్లు చేసే పొరపాటు ఇదే. ముందు చదవవలసింది పరీక్ష విషయ ప్రణాళిక, పీఎంఐ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. పరీక్షలో ఏ పనులు చేయగలగాలో అందులో ఒక్కొక్కటిగా రాసి ఉంటుంది. దాన్ని అచ్చు తీసుకుని, ప్రతి పని పక్కన మీరు పోర్టులో చేసిన ఒక సందర్భం రాయండి. ‘బృందంలో ఘర్షణను పరిష్కరించడం’ పక్కన, క్రేను ఎవరికి ముందు ఇవ్వాలని రెండు ఉప కాంట్రాక్టు బృందాలు తగువు పడ్డ రోజు గుర్తొస్తుంది. ఏమీ రాయలేని చోట ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలే మీ సిలబస్. మీకు అవి ఎక్కువగా అజైల్ దగ్గరే వస్తాయని నా అంచనా. ఆ తర్వాత అభ్యాస ప్రశ్నలు చేస్తూ, తప్పిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాసుకోండి. ‘సైటు అలవాటు’ అన్న మాట పదేపదే వస్తుంటే మీరు ఇంకా సిద్ధంగా లేరని అర్థం. పరీక్ష 180 ప్రశ్నలు, నాలుగు గంటలకు దగ్గరగా సాగుతుంది. అంతసేపు కదలకుండా కూర్చునే అభ్యాసం కనీసం రెండుసార్లు ఆదివారం పొద్దున ఇంట్లోనే చేయాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఇంకొక్క ప్రశ్న తప్పకుండా అడగండి. పీఎంఐ 2021 జనవరిలో పరీక్ష ప్రణాళికను బాగా మార్చింది, 2026 జూలై నుంచి మళ్లీ కొత్త ప్రణాళిక అని ప్రకటించింది. మీరు పరీక్ష రాయబోయే నెలకు ఏ ప్రణాళిక వర్తిస్తుందో చూసుకుని, కోర్సు దాని ప్రకారమే ఉందా అని అడగండి. పాత ప్రణాళిక ప్రకారం విన్న గంటలు దరఖాస్తుకు చెల్లుతాయి, పరీక్షకు సరిపోవు.

అనుభవం సంగతి మీకు పెద్ద ఇబ్బంది కాదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులను నడిపించిన 36 నెలల అనుభవం కావాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసినా అది ఒక నెలే. ప్లానింగ్ ఇంజనీరుగా ఊరికే రిపోర్టులు తయారుచేసిన నెలలు కాకుండా, ఒక పనికి మీరు బాధ్యత వహించి నడిపిన నెలలు రాయండి. మీ హోదా ‘మేనేజరు’ కాకపోయినా ఫరవాలేదు. ఆ నెలలకు సాక్ష్యం చెప్పే పాత అధికారులు వేరే ఉద్యోగాలకు, గల్ఫ్‌కు వెళ్లిపోయి ఉంటే, దరఖాస్తు పెట్టకముందే వాళ్ల ఇప్పటి ఈమెయిల్ తెలుసుకుని ఒక మాట చెప్పి ఉంచండి. 35 గంటల కోర్సు కూడా దరఖాస్తు పంపే నాటికి పూర్తయి ఉండాలి. ఇప్పుడు పంపి తర్వాత వింటానంటే కుదరదు. దరఖాస్తు ఆమోదం పొందాక ఏడాది సమయం ఉంటుంది, ఆ ఏడాదిలో మూడుసార్ల వరకు పరీక్ష రాయవచ్చు.

చివరగా ఒక చిన్న విషయం. మన పేర్లతో ఇది తరచూ జరుగుతుంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, డిగ్రీలో అది ఒక అక్షరం అయిపోతుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి వెళుతుంది. పెళ్లయ్యాక ఇంకొక మార్పు. పరీక్ష కేంద్రంలో మీ గుర్తింపు కార్డు మీద ఉన్న పేరూ పీఎంఐ ఖాతాలోని పేరూ కలవాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. కట్టిన ఫీజు కూడా పోవచ్చు. పాస్‌పోర్టు ఉంటే అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే పీఎంఐ ఖాతా తెరవండి. కోర్సులో చేరే రోజునే, ధ్రువపత్రం మీద కూడా అదే వరసలో పేరు రాయమని ఆ సంస్థకు ఈమెయిల్ పంపండి. ధ్రువపత్రం చేతికి వచ్చాక మార్పించడం కంటే ఆ ఒక్క ఈమెయిల్ తేలిక.